కాంతి విద్యుత్ ఫలితం లెక్కలు: ఆరంభ పౌనఃపున్యం, పని ప్రమేయం, నిరోధక పొటెన్షియల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో ఈ పాఠం చిన్నదే. అయినా లెక్క దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఒకేచోట ఆగిపోతారు. సూత్రం గుర్తుంటుంది గానీ ప్రమాణాలు కలిసిపోతాయి, లేదా ఎలక్ట్రాన్ అసలు బయటికి వస్తుందో రాదో చూడకుండానే తీసివేత మొదలుపెడతారు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఒకే లోహాన్ని, సోడియాన్ని, పట్టుకుని నడుస్తాను. ఒకే అంకెలు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఏ రాశి మారితే ఏది మారుతుందో తేలిగ్గా పట్టుబడుతుంది.

ఈ లెక్కలకు ఎన్ని సూత్రాలు బట్టీ పట్టాలి?

ఒక్కటి చాలు.

hν = φ₀ + K_max

లోహం మీద పడిన ఫోటాన్ తన శక్తి hν మొత్తాన్నీ ఒకే ఎలక్ట్రాన్‌కు ఇచ్చేస్తుంది. ఆ ఎలక్ట్రాన్ లోహపు ఉపరితలం దాటి బయటపడాలంటే కనీసం φ₀ అంత శక్తి ఖర్చవుతుంది. దాన్నే పని ప్రమేయం అంటాం. ఖర్చు పోగా చేతిలో మిగిలిందే గరిష్ఠ గతిజశక్తి. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే.

మిగతా రెండు సూత్రాలూ దీని నుంచే వస్తాయి. ఎలక్ట్రాన్ బయటికైతే వచ్చింది కానీ చేతిలో ఏమీ మిగల్లేదు అనుకోండి. అప్పుడు K_max సున్నా. ఆ కాంతి పౌనఃపున్యమే ఆరంభ పౌనఃపున్యం ν₀, కాబట్టి φ₀ = hν₀. ఇక బయటికి వచ్చిన ఎలక్ట్రాన్లలో అన్నిటికన్నా చురుకైనదాన్ని కూడా అవతలి పలకకు చేరకుండా ఆపాలంటే ఆ పలకకు రుణ పొటెన్షియల్ ఇవ్వాలి. సరిగ్గా ఆపేసే విలువ నిరోధక పొటెన్షియల్ V₀, కాబట్టి K_max = eV₀.

అంటే ప్రతి లెక్కలోనూ ఉండేవి మూడు శక్తులే: వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. వచ్చిన శక్తిని ప్రశ్నలో పౌనఃపున్యంగా గానీ తరంగదైర్ఘ్యంగా గానీ ఇస్తారు. ఖర్చయినదాన్ని పని ప్రమేయంగానో, ఆరంభ పౌనఃపున్యంగానో, ఆరంభ తరంగదైర్ఘ్యంగానో ఇస్తారు. మిగిలినదాన్ని నిరోధక పొటెన్షియల్‌గానో, గరిష్ఠ వేగంగానో ఇస్తారు. ప్రశ్న చదవగానే ఈ మూడింటిలో ఏ రెండు ఇచ్చారో గుర్తుపడితే మూడోది ఒక కూడికో తీసివేతో.

జౌళ్లలో చేయాలా, ఎలక్ట్రాన్ వోల్టులలో చేయాలా?

తీసివేత వరకు ఎలక్ట్రాన్ వోల్టులలోనే చేయండి. పని ప్రమేయం దాదాపు ఎప్పుడూ ఎలక్ట్రాన్ వోల్టులలోనే ఇస్తారు. ఫోటాన్ శక్తిని కూడా అందులోకి తెచ్చేస్తే 10⁻¹⁹ అనే ఘాతాలను చివరిదాకా మోయనక్కర్లేదు. పైగా 1 ఎలక్ట్రాన్ వోల్టు అంటేనే ఒక ఎలక్ట్రాన్ 1 వోల్టు పొటెన్షియల్ భేదం దాటినప్పుడు మారే శక్తి. కాబట్టి K_max ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులో V₀ అన్నే వోల్టులు. మధ్యలో గుణించేది, భాగించేది ఏమీ లేదు.

రెండు పనులకు మాత్రం జౌళ్లు తప్పవు. ఒకటి, h విలువను 6.63 × 10⁻³⁴ J s గా తీసుకుని ఆరంభ పౌనఃపున్యం కట్టేటప్పుడు. రెండు, ఎలక్ట్రాన్ వేగం కట్టేటప్పుడు.

1240 అనే అంకె ఎక్కడిది? పరీక్షలో వాడొచ్చా?

ఫోటాన్ శక్తి hc/λ. ఇందులో h, c రెండూ స్థిరాంకాలే కాబట్టి ఆ లబ్ధాన్ని ఒకసారి ఎలక్ట్రాన్ వోల్టు, నానోమీటర్లలోకి మార్చి పెట్టుకుంటే సుమారు 1240 వస్తుంది.

E (eV) = 1240 / λ (nm)

వాడొచ్చు. కాకపోతే hc = 1240 eV nm అని ఒక లైను రాసి మొదలుపెట్టండి. ఏమీ చెప్పకుండా 1240 అని దిగితే దిద్దేవారికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి కదా. తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో ఇస్తే ముందు పదితో భాగించి నానోమీటర్లు చేయండి. 4000 ఆంగ్‌స్ట్రామ్‌లంటే 400 నానోమీటర్లు.

పౌనఃపున్యం ఇచ్చినప్పుడు ఇంకో చిన్న దారి ఉంది. 6.63ను 1.6తో భాగిస్తే 4.14. కాబట్టి పౌనఃపున్యం 10¹⁴ హెర్ట్జ్‌లలో ఎంతుందో దాన్ని 0.414తో గుణిస్తే శక్తి నేరుగా ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. 8 × 10¹⁴ హెర్ట్జ్ అయితే 8 × 0.414 = 3.31 ఎలక్ట్రాన్ వోల్టులు. కాలిక్యులేటర్ లేని పరీక్షలో ఇది బాగా పనికొస్తుంది.

ఒక లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తారా?

ప్రశ్న: సోడియం పని ప్రమేయం 2.75 eV. దాని మీద 400 nm తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి పడింది. ఆరంభ పౌనఃపున్యం, ఆరంభ తరంగదైర్ఘ్యం, నిరోధక పొటెన్షియల్, ఎలక్ట్రాన్ల గరిష్ఠ వేగం కనుక్కోండి.

మొదట ఆరంభ పౌనఃపున్యం. దీనికి పడిన కాంతితో సంబంధం లేదు. అది లోహానికి చెందిన గుణం. అందుకే 400 నానోమీటర్లను ఇక్కడికి లాగకూడదు.

φ₀ = 2.75 × 1.6 × 10⁻¹⁹ = 4.4 × 10⁻¹⁹ J

ν₀ = φ₀/h = (4.4 × 10⁻¹⁹) / (6.63 × 10⁻³⁴) = 6.64 × 10¹⁴ Hz

ఆరంభ తరంగదైర్ఘ్యం:

λ₀ = 1240 / 2.75 = 451 nm

ఇప్పుడు తీసివేతకు ముందు ఒక్క క్షణం ఆగాలి. పడిన కాంతి 400 నానోమీటర్లు, ఆరంభ తరంగదైర్ఘ్యం 451 నానోమీటర్లు. పడిన కాంతి తరంగదైర్ఘ్యం తక్కువ, అంటే దాని ఫోటాన్‌కు శక్తి ఎక్కువ. కాబట్టి ఎలక్ట్రాన్లు వస్తాయి. ఈ మాట ఒక వాక్యంగా జవాబు పత్రంలో రాయండి.

E = 1240 / 400 = 3.10 eV

K_max = 3.10 − 2.75 = 0.35 eV

V₀ = 0.35 V

చివరగా వేగం. ఇక్కడ జౌళ్లలోకి దిగాలి.

K_max = 0.35 × 1.6 × 10⁻¹⁹ = 5.6 × 10⁻²⁰ J

v_max = √(2K_max/m) = √(11.2 × 10⁻²⁰ / 9.1 × 10⁻³¹) = √(1.23 × 10¹¹)

వర్గమూలం తీసే ముందు ఘాతాన్ని సరిసంఖ్య చేసుకోండి. 1.23 × 10¹¹ను 12.3 × 10¹⁰గా రాస్తే వర్గమూలం 3.5 × 10⁵. అంటే సెకనుకు దాదాపు 350 కిలోమీటర్లు.

ఈ ఒక్క లెక్కలో బోర్డు పరీక్షలో అడిగే రకాలు చాలావరకు ఉన్నాయి. ప్రశ్నలో దీనిలోని ఒక ముక్కనో, లేదా దీన్నే తిరగేసో అడుగుతారు. ఉదాహరణకు 400 నానోమీటర్ల కాంతికి నిరోధక పొటెన్షియల్ 0.35 వోల్టులు అని ఇచ్చి పని ప్రమేయం అడగొచ్చు. అప్పుడు 3.10 నుంచి 0.35 తీసేస్తే సరి.

నాకు 0.36 వచ్చింది, పుస్తకంలో 0.35 ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

బహుశా ఎక్కడా చేయలేదు. 1240 బదులు h = 6.63 × 10⁻³⁴, c = 3 × 10⁸, e = 1.6 × 10⁻¹⁹ వేసి నేరుగా కడితే ఫోటాన్ శక్తి 3.10 కాదు, 3.108 వస్తుంది. ఎందుకంటే ఈ గుండ్రం చేసిన విలువలతో hc 1243 అవుతుంది. కచ్చితమైన స్థిరాంకాలతో చూస్తే అది 1239.8. అంటే నిజానికి 1240యే వాస్తవానికి దగ్గర.

3.10కీ 3.108కీ తేడా చాలా చిన్నది, వెయ్యిలో మూడు వంతులు కూడా లేదు. కానీ అందులోంచి 2.75 అనే దగ్గరి సంఖ్యను తీసేశాక మిగిలేది 0.35 లాంటి చిన్న సంఖ్య. పెద్ద సంఖ్యలో కనిపించని తేడా చిన్న సంఖ్యలో 0.350, 0.358 అని బయటపడుతుంది. ఫోటాన్ శక్తి పని ప్రమేయానికి ఎంత దగ్గరగా ఉంటే ఈ తేడా అంత పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి ప్రశ్నలో h, c, e విలువలు ఇచ్చి ఉంటే వాటినే వాడండి, ఇవ్వకపోతే మీరు తీసుకున్న విలువను పైన రాయండి. మధ్యలో 3.108ను 3.1గా కుదించకుండా తీసివేత అయ్యాకే కుదించండి.

నిరోధక పొటెన్షియల్‌కు రుణ గుర్తు పెట్టాలా?

"నిరోధక పొటెన్షియల్ ఎంత?" అని అడిగితే 0.35 V అని పరిమాణం రాస్తే చాలు. గ్రాఫ్ గీయమంటే మాత్రం సేకరించే పలక పొటెన్షియల్ రుణం వైపు ఉంటుంది కాబట్టి విద్యుత్ ప్రవాహం సున్నా అయ్యే బిందువును −0.35 V దగ్గర గుర్తించాలి.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. V₀ = K_max/e అని రాసి, K_max స్థానంలో 0.35, e స్థానంలో 1.6 × 10⁻¹⁹ వేసేస్తారు. జవాబు 2 × 10¹⁸ వోల్టులు దాటుతుంది. శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో ఉంచి, భాగహారం కూలుంబ్‌లలో చేయడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఇంటర్ లెక్కల్లో మామూలు కాంతికి, అతినీలలోహిత కాంతికి నిరోధక పొటెన్షియల్ కొద్ది వోల్టులలోనే ఉంటుంది. అంతకు మించి వస్తే ప్రమాణాలు చూడాలి.

వేగం దగ్గరా ఇంతే. 0.35ను జౌళ్లలోకి మార్చకుండా సూత్రంలో వేస్తే సెకనుకు 8.8 × 10¹⁴ మీటర్లు వస్తుంది. కాంతి వేగమే 3 × 10⁸. జవాబు కాంతిని దాటిపోయిందంటే 1.6 × 10⁻¹⁹తో గుణించడం మర్చిపోయారని అర్థం.

తీసివేస్తే రుణ సంఖ్య వచ్చింది. ఏం రాయాలి?

ఎలక్ట్రాన్లు ఉద్గారం కావు అని రాయాలి. అదే పూర్తి జవాబు.

పైన చేసిన లెక్కలో సోడియం బదులు ప్లాటినం పెట్టండి. పని ప్రమేయం 5.65 ఎలక్ట్రాన్ వోల్టులు. ఫోటాన్ తెచ్చింది 3.10 మాత్రమే. కొందరు K_max = −2.55 అని రాసి, దాని నుంచి నిరోధక పొటెన్షియల్ 2.55 వోల్టులు అని కూడా రాసేస్తారు. గతిజశక్తి రుణం కాలేదు. బయటికి రాని ఎలక్ట్రాన్‌ను ఆపాల్సిన పనీ లేదు. ఇలా రాయండి: "పడిన ఫోటాన్ శక్తి 3.10 eV, పని ప్రమేయం 5.65 eV కన్నా తక్కువ. కాబట్టి కాంతి విద్యుత్ ఉద్గారం జరగదు. నిరోధక పొటెన్షియల్ ప్రశ్నే లేదు."

ఇలాంటి ప్రశ్నలు కావాలనే ఇస్తారు. నాలుగు లోహాల పని ప్రమేయాలు ఇచ్చి వీటిలో ఏది ఈ కాంతికి స్పందిస్తుంది అని అడిగేది కూడా ఇదే ప్రశ్న. దృశ్య కాంతిని 400 నుంచి 700 నానోమీటర్లుగా తీసుకుంటే దాని ఫోటాన్ శక్తి సుమారు 3.1 నుంచి 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉంటుంది. సీసియం 2.14, పొటాషియం 2.30, సోడియం 2.75. ఈ మూడూ దృశ్య కాంతిలో ఏదో ఒక భాగానికి స్పందిస్తాయి. కాల్షియం 3.20 కాబట్టి అందులోకి రాదు. రాగి 4.65, వెండి 4.70. వీటికి అతినీలలోహిత కాంతి కావాల్సిందే.

ప్లాటినం మీద అదే కాంతిని చాలా తీవ్రంగా వేస్తే?

రాదు. తీవ్రత పెంచితే ఫోటాన్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో ఫోటాన్ శక్తి మారదు. ఒక ఎలక్ట్రాన్‌కు ఒక ఫోటాన్ అనే లెక్కలో 3.10 తెచ్చిన వేల కోట్ల ఫోటాన్లు కూడా 5.65 గడప దాటించలేవు.

తీవ్రతను రెట్టింపు చేస్తే, దీపాన్ని దూరం జరిపితే నిరోధక పొటెన్షియల్ ఏమవుతుంది?

ఏమీ కాదు. మారేది సంతృప్త విద్యుత్ ప్రవాహం.

దూరం మార్చే లెక్క ఇలా వస్తుంది: ఒక బిందు జనకం 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నిరోధక పొటెన్షియల్ 0.35 వోల్టులు, సంతృప్త ప్రవాహం 12 మైక్రో ఆంపియర్లు. దాన్ని 1 మీటరుకు జరిపితే? దూరం రెట్టింపైంది కాబట్టి తీవ్రత నాలుగో వంతు. ప్రవాహం 3 మైక్రో ఆంపియర్లు. నిరోధక పొటెన్షియల్ అదే 0.35 వోల్టులు. దాన్ని కూడా నాలుగుతో భాగించడమే ఇక్కడ ఉచ్చు.

తీవ్రతను మార్చకుండా పౌనఃపున్యాన్ని పెంచితే ఏమవుతుందన్నది కాస్త లోతైన ప్రశ్న. ఒక్కో ఫోటాన్ బరువైన శక్తిని మోస్తోంది కాబట్టి అదే మొత్తం శక్తికి సెకనుకు తక్కువ ఫోటాన్లు సరిపోతాయి. నిరోధక పొటెన్షియల్ పెరుగుతుంది. ఎలక్ట్రాన్లను వెలువరించే సామర్థ్యం మారదనుకుంటే సంతృప్త ప్రవాహం తగ్గుతుంది.

పౌనఃపున్యం రెట్టింపైతే గరిష్ఠ గతిజశక్తి కూడా రెట్టింపే కదా?

కాదు, అంతకన్నా ఎక్కువ. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఎక్కువమంది పడేది ఇక్కడే.

సోడియం మీదే చూద్దాం. 400 నానోమీటర్ల కాంతికి K_max = 0.35 eV. పౌనఃపున్యం రెట్టింపంటే తరంగదైర్ఘ్యం 200 నానోమీటర్లు, ఫోటాన్ శక్తి 6.20 eV. మిగిలేది 6.20 − 2.75 = 3.45 eV. రెట్టింపు కాదు, దాదాపు పది రెట్లు. వచ్చింది రెట్టింపైంది గానీ ఖర్చు పెరగలేదు, అందువల్ల పెరిగినదంతా మిగులులోకే చేరింది.

సాధారణంగా రాస్తే, మొదట K = hν − φ₀. తర్వాత K′ = 2hν − φ₀. మొదటిదాన్ని రెండుతో గుణించి పోల్చండి:

K′ = 2K + φ₀

సరిచూడండి: 2 × 0.35 + 2.75 = 3.45. కుదిరింది. ఇదే కారణంగా నిరోధక పొటెన్షియల్ పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉండదు. గ్రాఫ్ సరళరేఖే, కానీ మూలబిందువు గుండా పోదు.

సోడియం పని ప్రమేయం ఒకచోట 2.75, ఇంకోచోట 2.3 అని ఉంది. ఏది రాయాలి?

ప్రశ్నలో ఇచ్చింది రాయండి. పాఠ్యపుస్తకం పట్టికలో 2.75 ఉంటుంది, ఇతర పట్టికల్లో 2.3, 2.36 లాంటివి కనిపిస్తాయి. పని ప్రమేయం లోహాన్ని బట్టే కాదు, దాని ఉపరితలం స్థితిని బట్టి కూడా మారుతుంది. సోడియం లాంటి లోహం గాలి తగిలితే వెంటనే ఆక్సీకరణం చెందుతుంది. మిల్లికాన్ తన ప్రయోగంలో గాలి తీసేసిన గాజు గొట్టం లోపలే కత్తితో లోహపు పైపొరను చెక్కి, అప్పుడే బయటపడిన కొత్త ఉపరితలం మీద కాంతి వేసేవాడు.

V₀, ν గ్రాఫ్ మీద వచ్చే లెక్కను ఎలా చేయాలి?

eV₀ = hν − φ₀ని e తో భాగిస్తే:

V₀ = (h/e)ν − φ₀/e

ఇది y = mx + c రూపం. వాలు h/e. వాలులో లోహానికి సంబంధించింది ఏదీ లేదు కాబట్టి ఏ లోహానికైనా అదే వాలు, అందుకే రెండు లోహాల రేఖలు సమాంతరంగా వస్తాయి. రేఖ పౌనఃపున్యం అక్షాన్ని తాకిన చోటు ν₀. కుడివైపు ఉన్న రేఖకు ఆరంభ పౌనఃపున్యం ఎక్కువ, కాబట్టి పని ప్రమేయమూ ఎక్కువ.

ఇప్పుడు గ్రాఫ్ లేకుండా రెండు కొలతలు మాత్రమే ఇచ్చారనుకోండి. ఒక లోహానికి 7.5 × 10¹⁴ హెర్ట్జ్ దగ్గర నిరోధక పొటెన్షియల్ 0.35 వోల్టులు, 10 × 10¹⁴ హెర్ట్జ్ దగ్గర 1.38 వోల్టులు. ప్లాంక్ స్థిరాంకం, ఆరంభ పౌనఃపున్యం, పని ప్రమేయం కావాలి.

వాలు = (1.38 − 0.35) / (2.5 × 10¹⁴) = 4.12 × 10⁻¹⁵ V s

h = 4.12 × 10⁻¹⁵ × 1.6 × 10⁻¹⁹ = 6.59 × 10⁻³⁴ J s

మొదటి కొలత నుంచి వెనక్కి నడిస్తే V₀ సున్నా అయ్యే చోటు దొరుకుతుంది. 0.35 వోల్టులు తగ్గాలంటే పౌనఃపున్యం ఎంత తగ్గాలి?

0.35 / (4.12 × 10⁻¹⁵) = 0.85 × 10¹⁴ Hz

ν₀ = (7.5 − 0.85) × 10¹⁴ = 6.65 × 10¹⁴ Hz

φ₀/e = 4.12 × 10⁻¹⁵ × 6.65 × 10¹⁴ = 2.74 V, అంటే φ₀ = 2.74 eV

ఇది మన సోడియమే అని మీరు గుర్తుపట్టే ఉంటారు. ఇక్కడ h పుస్తకంలోని 6.63కు బదులు 6.59 వచ్చింది. దాన్ని దిద్ది 6.63 అని రాయకండి. ప్రశ్న ఇచ్చిన కొలతల నుంచి వచ్చిన విలువనే రాయాలి. మిల్లికాన్ 1916లో ఇదే పద్ధతిలో, రేఖ వాలు నుంచి, ప్లాంక్ స్థిరాంకాన్ని కట్టి 6.57 × 10⁻³⁴ అని తేల్చాడు.

గ్రాఫ్ ఇచ్చినప్పుడు ఒక జాగ్రత్త. పౌనఃపున్యం అక్షం సున్నా నుంచి మొదలవుతోందో లేదో ముందు చూడండి. అక్షం 4 × 10¹⁴ నుంచి మొదలైతే, రేఖను వెనక్కి పొడిగించి నిలువు అక్షాన్ని తాకిన చోట చదివిన విలువ −φ₀/e కాదు. అలాంటప్పుడు ν₀ చదివి h తో గుణించడమే భద్రం.

విలువలేవీ ఇవ్వకుండా λ, 2λ అని ఇస్తే టెన్షన్ వస్తుంది. వాటికి దారి ఏమిటి?

ఇలాంటి ప్రశ్న: ఒక లోహం మీద λ తరంగదైర్ఘ్యం కాంతి పడితే నిరోధక పొటెన్షియల్ V, 2λ పడితే V/4. ఆరంభ తరంగదైర్ఘ్యం ఎంత?

అదే సమీకరణం రెండుసార్లు రాయండి.

hc/λ = φ₀ + eV

hc/2λ = φ₀ + eV/4

మనకు V అక్కర్లేదు, దాన్ని పోగొట్టాలి. రెండోదాన్ని నాలుగుతో గుణిస్తే 2hc/λ = 4φ₀ + eV. ఇందులోంచి మొదటిది తీసేస్తే:

hc/λ = 3φ₀

φ₀ = hc/3λ. కానీ φ₀ అంటే hc/λ₀ కదా. కాబట్టి λ₀ = 3λ.

జవాబు అర్థవంతంగా ఉందో లేదో ఇక్కడా చూడొచ్చు. 2λ కాంతికి కూడా ఎలక్ట్రాన్లు వస్తున్నాయని ప్రశ్నే చెప్పింది. కాబట్టి ఆరంభ తరంగదైర్ఘ్యం 2λ కన్నా ఎక్కువే ఉండాలి. 3λ సరిపోతుంది. ఒకవేళ గుణకారంలో పొరపాటు జరిగి 1.5λ వచ్చి ఉంటే ఈ ఒక్క పరిశీలనతోనే తప్పని తెలిసిపోయేది.

λ₀ కన్నా ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా అన్నది ఎప్పుడూ తికమకే.

పౌనఃపున్యం ν₀ కన్నా ఎక్కువ ఉండాలి. తరంగదైర్ఘ్యం λ₀ కన్నా తక్కువ ఉండాలి. అనుమానం వస్తే రెండింటినీ ఎలక్ట్రాన్ వోల్టులలోకి మార్చి పోల్చండి. శక్తి దగ్గర తికమకకు తావుండదు.

బయటికి వచ్చిన ఎలక్ట్రాన్లన్నిటికీ 0.35 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయా?

ఉండవు. ఉపరితలం దగ్గర అతి తక్కువ బంధనంతో ఉన్న ఎలక్ట్రాన్లకే కనీస ఖర్చు 2.75తో పని జరుగుతుంది. లోపలి నుంచి వచ్చేవి దారిలో ఢీకొంటూ ఇంకొంత పోగొట్టుకుంటాయి. అందువల్ల గతిజశక్తులు సున్నా నుంచి 0.35 వరకు ఎంతైనా ఉండొచ్చు. జవాబులో "గతిజశక్తి" అని ఊరికే రాయకుండా "గరిష్ఠ గతిజశక్తి" అని రాయమనేది ఇందుకే. "కనిష్ఠ గతిజశక్తి ఎంత?" అని ఒక మార్కు ప్రశ్నగా అడిగితే జవాబు సున్నా.